సీటింగ్ అరేంజ్‌మెంట్: బొమ్మ గీసే ముందు క్లూలను రకాలుగా విడగొట్టడం, ఆ తర్వాత వరసగా విప్పుకుంటూ పోవడం

ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కు 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అందులో ఒక సీటింగ్ సెట్ వచ్చిందంటే దాని మీద తరచుగా ఐదు ప్రశ్నలు ఉంటాయి. బొమ్మ కుదిరితే అన్నీ నిమిషంలో అయిపోతాయి. బొమ్మలో ఒక్క మనిషి అటూ ఇటూ అయినా చాలా జవాబులు తప్పుతాయి, పైగా ప్రతి తప్పుకూ ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత.

చాలామంది చేసే పని ఏంటంటే, మొదటి క్లూ చదవగానే గుండ్రం గీసి పేర్లు పెట్టడం మొదలుపెడతారు. రెండో క్లూ దానికి అతకదు, మూడోది అసలు సంబంధమే లేనట్టు కనిపిస్తుంది, రబ్బరు తీస్తారు. క్లూలు ఇచ్చిన వరస వేరు, వాడాల్సిన వరస వేరు. పేపర్ తయారుచేసేవాళ్ళు కావాలనే వాటిని కలిపేసి ఇస్తారు. కాబట్టి ముందు చేయాల్సింది ఏ క్లూ ఏ రకమో తేల్చడం. దీన్ని ఒక్క లెక్కతోనే చూద్దాం: గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది, కొందరు కేంద్రం వైపు, కొందరు బయటికి చూస్తున్నారు. ఇది చేతికొస్తే అందరూ లోపలికే చూసే లెక్క, వరసలో కూర్చునే లెక్క రెండూ దీనికంటే తేలికగానే ఉంటాయి.

ఎడమ, కుడి సంగతి మొదట

రఫ్ షీట్ మీద గుండ్రం గీసి, కింది సీట్లో, అంటే గడియారంలో 6 ఉండే చోట, మీరే కూర్చున్నట్టు అనుకోండి. కేంద్రం వైపు చూస్తే మీ కుడి చెయ్యి కాగితం కుడి వైపే ఉంటుంది. 6 నుంచి కుడికి జరిగితే 5, 4, 3 వస్తాయి, అంటే గడియారం ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకం. అదే పై సీట్లో కూర్చుంటే కాగితం తిప్పితే తప్ప ఎడమ కుడి తెలియవు. అందుకే ప్రతి సీట్లోనూ కూర్చుని చూసుకోవద్దు. దాన్ని తిరిగే దిశగా మార్చి గుర్తుపెట్టుకోండి: లోపలికి చూసేవాళ్ళకు ఎడమ అంటే గడియారం దిశ, కుడి అంటే వ్యతిరేక దిశ. బయటికి చూసేవాళ్ళకు రెండూ తిరగబడతాయి.

దీన్ని కూడిక, తీసివేతగా మార్చేస్తే ఇంకా సుఖం. సీట్లకు గడియారం దిశలో 1 నుంచి 8 దాకా నంబర్లు వేయండి. లోపలికి చూసే మనిషికి ఎడమవైపు మూడో స్థానం అంటే అతని నంబరుకు 3 కలపాలి, కుడివైపు మూడో స్థానం అంటే 3 తీసేయాలి. బయటికి చూస్తే ఎడమకు తీసివేత, కుడికి కూడిక. జవాబు 8 దాటితే 8 తీసేయండి, 1 కంటే తగ్గితే 8 కలపండి. ఎదురు సీటు ఎప్పుడూ 4 తేడా.

ఇక్కడ జారిపోయే చోటు ఒకటుంది. 'మధ్య ఇద్దరున్నారు' అంటే నంబర్ల తేడా 2 కాదు, 3. 'ఎడమవైపు రెండో స్థానం' అంటే తేడా 2, మధ్య ఉండేది ఒక్కరే. టెన్షన్‌లో ఈ రెండూ కలిసిపోతాయి. అందుకే 'మధ్య' అనే మాట కనబడగానే పక్కన 'తేడా' ఎంతో అంకె రాసేయడం అలవాటు చేసుకోవాలి.

లెక్క

రవి, లత, సురేష్, గీత, మధు, పద్మ, హరి, నీల ఒక గుండ్రటి బల్ల చుట్టూ సమాన దూరంలో కూర్చున్నారు. నలుగురు కేంద్రం వైపు, నలుగురు బయటికి చూస్తున్నారు.

1. హరి, రవి పక్కపక్కన లేరు.
2. పద్మకు కుడి పక్కనే సురేష్ ఉన్నాడు.
3. లతకు కుడివైపు మూడో స్థానంలో మధు ఉన్నాడు.
4. రవికి రెండు పక్కలా ఉన్నవాళ్ళు రవి చూసే దిక్కుకు వ్యతిరేకంగా చూస్తున్నారు.
5. రవి కేంద్రం వైపు చూస్తున్నాడు. అతనికి ఎడమవైపు మూడో స్థానంలో గీత ఉంది.
6. గీత, లతల మధ్య ఒక్కరే ఉన్నారు.
7. మధుకు సరిగ్గా ఎదురుగా పద్మ ఉంది.
8. హరికి రెండు పక్కలా ఉన్నవాళ్ళు ఒకే దిక్కుకు చూస్తున్నారు. హరి వాళ్ళకు వ్యతిరేక దిక్కుకు చూస్తున్నాడు.

పెన్ను ఇంకా గుండ్రం మీద పెట్టకండి.

క్లూలను రకాలుగా విడగొట్టడం

నేను క్లూలను ఐదు రకాలుగా చూస్తాను. మీరు వేరే పేర్లు పెట్టుకున్నా ఫర్వాలేదు, కానీ ప్రతి క్లూకూ 'ఇది ఎన్ని చోట్లకు దారి తీస్తుంది?' అనే ప్రశ్న వేసుకోవాలి.

మొదటిది గట్టి క్లూ. ఎవరి చేతితో కొలుస్తున్నామో ఆ మనిషి చూసే దిక్కు తెలుసు, దూరం తెలుసు, వైపు తెలుసు. దీనికి ఒక్కటే చోటు. మన లెక్కలో 5వ క్లూ ఇదే. గుండ్రంలో సీట్లకు పేర్లుండవు కాబట్టి రవిని ఎక్కడ కూర్చోబెట్టినా ఒకటే. 1లో కూర్చోబెడితే గీత 1 + 3, అంటే 4.

రెండోది రెండు ముఖాల క్లూ. దూరం, వైపు చెప్పారు గానీ, ఎవరి ఎడమో ఎవరి కుడో ఆ మనిషి ఎటు చూస్తున్నాడో చెప్పలేదు. 2, 3 క్లూలు ఇలాంటివి. 'లతకు కుడివైపు మూడో స్థానం' అంటే లత లోపలికి చూస్తే ఒక చోటు, బయటికి చూస్తే ఇంకో చోటు. చాలామంది దీన్ని గట్టి క్లూ అనుకుని, లత లోపలికి చూస్తుందని తెలియకుండానే ఊహించేసుకుంటారు. మిక్స్‌డ్ లెక్కల్లో తప్పు బొమ్మలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

మూడోది వైపు లేని క్లూ. 'మధ్య ఒక్కరే', 'పక్కపక్కన ఉన్నారు' అన్న రకం. ఇది చూపు మీద ఆధారపడదు, కానీ అటూ ఇటూ రెండు చోట్లుంటాయి. 6వ క్లూ ఇది. దీని చెల్లెలే 'ఎదురుగా' క్లూ. గుండ్రంలో ఎదురు సీటు ఒక్కటే కాబట్టి దీనికి రెండో చోటు లేదు, ఎటు చూస్తున్నా మారదు. అందుకే 7వ క్లూ చాలా విలువైనది. 'ఎదురుగా' అంటే ఎదురు సీటు అని మాత్రమే, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారని కాదు.

నాలుగోది 'కాదు' క్లూ. 'పక్కన లేరు', 'ఎదురుగా లేడు'. 1వ క్లూ. దీనితో లెక్క మొదలుపెట్టకూడదు, కానీ బొమ్మ సగం నిండాక ఉన్న రెండు చోట్లలో ఒకదాన్ని కొట్టేయడానికి ఇదే పనికొస్తుంది.

ఐదోది చూపు క్లూ. ఎవరు ఎటు చూస్తున్నారో మాత్రమే చెప్తుంది. 4, 8 క్లూలు. మనుషులు కూర్చున్నాకే వీటికి పని.

ఎవరి చేతితో కొలవాలి అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. తెలుగులో 'లతకు కుడివైపు' అన్నప్పుడు 'కు' ఎవరికి తగిలిందో వాళ్ళ చెయ్యే కొలత. మధు ఎటు చూస్తున్నాడన్నది ఈ క్లూకి అక్కర్లేదు. వాక్యం తిప్పి 'మధు, లతకు కుడివైపు మూడో స్థానంలో కూర్చున్నాడు' అని ఇచ్చినా కొలత లతదే.

ఇక రాసుకోవడం. పొడుగు వాక్యాలను మళ్ళీ మళ్ళీ చదవకుండా ప్రతి క్లూనూ ఒక గుర్తుగా మార్చండి. మొదటి అక్షరాలు చాలు, ఎ అంటే ఎడమ, కు అంటే కుడి, లో అంటే లోపలికి, బ అంటే బయటికి. నేను వాడేవి ఇవి:

```
5   ర(లో) —3ఎ→ గ
6   గ _ ల   లేదా   ల _ గ
3   ల(?) —3కు→ మ
7   మ ↔ ప
2   ప(?) —1కు→ స
1   హ × ర
4   ర పక్కలు : బ
8   హ పక్కలు ఒకటే, హ వేరు
```

ప్రశ్న గుర్తు పెట్టడం మరిచిపోకండి. చూపు తెలియని మనిషిని అదే పట్టిస్తుంది.

పై పట్టీలో క్లూల వరస మారింది, గమనించారా? 5తో మొదలై 6, 3, 7, 2 వచ్చాయి. దానికి కారణం గొలుసు. 5లో గీత ఉంది, గీత మళ్ళీ 6లో ఉంది. 6లో లత, లత మళ్ళీ 3లో. 3లో మధు, మధు మళ్ళీ 7లో. 7లో పద్మ, పద్మ మళ్ళీ 2లో. గట్టి క్లూతో మొదలుపెట్టి, అప్పటికే బల్ల దగ్గర కూర్చున్న మనిషి పేరున్న క్లూనే తర్వాత అందుకోవాలి. కొత్త పేర్లు మాత్రమే ఉన్న క్లూ ముట్టుకుంటే అది గాల్లో వేలాడుతుంది. ఇంకో చిన్న గమనిక: నీల పేరు ఏ క్లూలోనూ లేదు. అంటే ఆమె చివరికి మిగిలిన సీట్లో కూర్చునే మనిషి, ఆమె కోసం వెతకనక్కర్లేదు.

విప్పడం

రవి 1లో, లోపలికి. గీత 4లో. ఇంతవరకూ అనుమానం లేదు.

6వ క్లూ: గీత, లతల మధ్య ఒక్కరే, అంటే తేడా 2. లత 2లో గానీ 6లో గానీ ఉండాలి. రెండూ ఖాళీయే. ఇక్కడ లెక్క రెండుగా చీలింది. ఒకదాన్ని ఎంచుకుని ముందుకు పోయి, తర్వాత కుదరకపోతే వెనక్కి రావడం కంటే, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని ఒకే క్లూతో రెండింటినీ నడపడం మంచిది. ప్రతిసారీ గుండ్రాలు గీయకుండా నంబర్లతో అడ్డంగా రాసుకుంటే చోటు, టైమ్ రెండూ కలిసొస్తాయి.

3వ క్లూ: లతకు కుడివైపు మూడో స్థానం మధుది. లత చూపు తెలియదు కాబట్టి ఒక్కో కేసులో రెండేసి చూడాలి. లత 2లో ఉండి లోపలికి చూస్తే మధు 2 − 3, అంటే −1, దానికి 8 కలిపితే 7. బయటికి చూస్తే 2 + 3, అంటే 5. లత 6లో ఉండి లోపలికి చూస్తే మధు 3. బయటికి చూస్తే 9, అంటే 1, కానీ అక్కడ రవి ఉన్నాడు. కాబట్టి అది పోయింది. మిగిలినవి మూడు:

```
అ    1ర 2ల(లో) 3_ 4గ 5_ 6_ 7మ 8_
ఆ    1ర 2ల(బ)  3_ 4గ 5మ 6_ 7_ 8_
ఇ    1ర 2_ 3మ 4గ 5_ 6ల(లో) 7_ 8_
```

మూడు కేసులు చూసి కంగారు పడనక్కర్లేదు. తర్వాతి క్లూ 'ఎదురుగా' రకం, దానికి ఒక్కటే చోటు, కొట్టేయడానికి అంతకంటే మంచి కత్తి లేదు.

7వ క్లూ: మధుకు ఎదురుగా పద్మ. అ కేసులో 7కు ఎదురు 3, ఖాళీ, పద్మ అక్కడ. 'ఆ' కేసులో 5కు ఎదురు 1, రవి ఉన్నాడు. 'ఆ' కేసు కొట్టేశాం. ఇ కేసులో 3కు ఎదురు 7, ఖాళీ, పద్మ అక్కడ.

2వ క్లూ: పద్మకు కుడి పక్కనే సురేష్. అ కేసులో పద్మ 3లో ఉంది. లోపలికి చూస్తే కుడి పక్క 2, లత ఉంది. బయటికి చూస్తే కుడి పక్క 4, గీత ఉంది. రెండు వైపులా సీట్లు నిండాయి, అ కూడా పోయింది. ఇ కేసులో పద్మ 7లో. లోపలికి చూస్తే 6, లత ఉంది, కుదరదు. బయటికి చూస్తే 8, ఖాళీ. సురేష్ 8లో కూర్చున్నాడు, పద్మ బయటికి చూస్తుందని కూడా తేలింది. రెండు ముఖాల క్లూతో ఇదే లాభం: సీటు కుదిరినప్పుడు చూపు ఉచితంగా వస్తుంది. ఆ చూపును వెంటనే రాసేసుకోవాలి, లేకపోతే చివర్లో అది దొరక్క వెతుకుతూ కూర్చుంటారు.

ఇప్పుడు మిగిలినవి 2, 5 సీట్లు. మనుషులు హరి, నీల. 1వ క్లూ ప్రకారం హరి రవి పక్కన ఉండకూడదు. 2 రవి పక్క సీటు. కాబట్టి హరి 5లో, నీల 2లో. మొదటి నుంచీ పక్కన పడేసిన 'కాదు' క్లూ ఒక్క చూపులో పని ముగించింది.

చూపులు: రవి లో, లత లో, పద్మ బ అని తెలుసు. 4వ క్లూ ప్రకారం రవి పక్కలైన నీల, సురేష్ బయటికి. 8వ క్లూలో హరి పక్కలు 4, 6, అంటే గీత, లత. లత లోపలికి చూస్తుంది కాబట్టి గీతా లోపలికే, హరి బయటికి. బయటికి చూసేవాళ్ళు పద్మ, నీల, సురేష్, హరి, నలుగురూ అయిపోయారు. మధు లోపలికి.

```
1ర(లో) 2న(బ) 3మ(లో) 4గ(లో) 5హ(బ) 6ల(లో) 7ప(బ) 8స(బ)
```

ప్రశ్నల్లోకి వెళ్ళే ముందు రెండు ముఖాల క్లూలను మాత్రం చివరి బొమ్మతో ఒకసారి సరిచూడండి. లత 6, లోపలికి, కుడికి 3 తీసేస్తే 3, మధు ఉన్నాడు. పద్మ 7, బయటికి, కుడికి 1 కలిపితే 8, సురేష్ ఉన్నాడు. పది సెకన్ల పని ఇది.

ప్రశ్నలు ఎలా వస్తాయంటే: నీలకు ఎడమవైపు రెండో స్థానంలో ఎవరు? నీల 2, బయటికి, కాబట్టి తీసివేత. 2 − 2 = 0, అంటే 8, సురేష్. హరికి కుడివైపు నుంచి లెక్కిస్తే హరి, సురేష్‌ల మధ్య ఎంతమంది? హరి బయటికి చూస్తున్నాడు కాబట్టి 6, 7 దాటి 8కి చేరతాం, ఇద్దరు. ఎడమ నుంచి లెక్కించి ఉంటే నలుగురు వచ్చేవాళ్ళు, ఆప్షన్లలో ఆ నాలుగు కూడా తప్పకుండా ఉంటుంది. రవి, మధు, గీత, సురేష్‌లలో గుంపులో ఇమడనివారు ఎవరు? సురేష్, మిగతా ముగ్గురూ లోపలికి చూస్తున్నారు. ఇమడనివారి ప్రశ్నలో పేర్ల వెంట పడకుండా ముందు చూపు, తర్వాత నంబర్ల తేడా చూడండి, చాలాసార్లు కిటుకు ఆ రెండింటిలోనే ఉంటుంది.

కుదరనప్పుడు

అన్ని కేసులూ కొట్టేసుకుపోతే లెక్క తప్పని అనుకోవద్దు, దాదాపు ఎప్పుడూ మన బొమ్మే తప్పు. ముందుగా చూడాల్సిన చోట్లు మూడు. ప్రశ్న గుర్తున్న మనిషికి ఒక చూపు మాత్రమే ప్రయత్నించారా? 'మధ్య ఇద్దరు'ను తేడా 2గా తీసుకున్నారా? 'ఎడమ పక్క'కు కలపాల్సింది తీసేశారా? ఈ మూడింటిలో ఏదీ కాకపోతే, చీలిన చోట రెండో కేసు రాయడమే మరిచిపోయి ఉంటారు.

దీనికి తిరగబడ్డ జబ్బు ఇంకోటి: చివరికి రెండు కేసులు బతికే ఉంటాయి. అప్పుడు వాడని క్లూ ఒకటి ఎక్కడో మిగిలి ఉంటుంది. అందుకే వాడిన ప్రతి క్లూ పక్కన టిక్ పెట్టాలి. రెండు సమాచారాలు ఒకే వాక్యంలో దూర్చిన క్లూలకు రెండు టిక్కులు పెట్టండి. మన 5వ క్లూ అలాంటిదే, రవి చూపు ఒకటి, గీత సీటు ఒకటి.

ఆకారం మారితే

అందరూ కేంద్రం వైపే చూస్తే ప్రశ్న గుర్తులుండవు, రెండు ముఖాల క్లూలన్నీ గట్టి క్లూలైపోతాయి. చతురస్రాకార బల్లలో చాలాసార్లు మూలల్లో కూర్చున్నవాళ్ళు ఒకవైపు, భుజాల మధ్య కూర్చున్నవాళ్ళు దానికి వ్యతిరేకంగా చూస్తున్నారని ముందే చెప్తారు. మూలలకు బేసి నంబర్లు, భుజాలకు సరి నంబర్లు వేస్తే, సీటు తెలిస్తే చూపు తెలిసినట్టే.

ఒకే వరసలో అందరూ ఉత్తరం వైపు చూస్తే కుడి కాగితం కుడే, దక్షిణం వైపు చూస్తే కుడి కాగితం ఎడమ. ఎదురెదురుగా రెండు వరసలున్నప్పుడు దక్షిణానికి చూసే వరసను పైన, ఉత్తరానికి చూసే వరసను కింద గీయండి, అప్పుడే రెండు వరసలూ ఒకరినొకరు చూసుకుంటాయి. వరసలో గుండ్రంలో లేని ఒక సౌకర్యం ఉంది: చివర్లు. 'చివరి నుంచి మూడో స్థానం', 'రెండు చివర్లలో ఒకచోట' అన్న క్లూ కనిపిస్తే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. వరసలో 'గీతకు ఎడమవైపు లత' అని స్థానం చెప్పకుండా ఇస్తే, లత పక్కనే ఉందని కాదు, ఎడమవైపు ఎక్కడైనా ఉండొచ్చు. 'ఎడమ పక్కనే' అంటేనే ఆనుకుని ఉన్న సీటు.

చివరగా, ఏ సెట్ వదిలేయాలి అన్న మాట. క్లూలను రకాలుగా విడగొట్టడానికి నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషంలో గట్టి క్లూ ఒక్కటీ కనబడక, ప్రశ్న గుర్తులు మూడు దాటి, 'ఎదురుగా' రకం కూడా లేకపోతే, ఆ సెట్‌ను అక్కడే ఆపి అసమానతలు, సిలాజిజమ్‌లు పూర్తి చేసి రండి. టైమ్ మిగిలితే మీ గుర్తుల పట్టీ ఎలాగూ రఫ్ షీట్ మీదే ఉంటుంది, మళ్ళీ మొదటి నుంచి చదవనక్కర్లేదు.